ఆగిన బెల్టు లాగుతూనే ఉంటుంది

రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల పక్క నుంచి వెళ్తుంటే నేల మీద నుంచి బాయిలర్ల వైపు ఏటవాలుగా ఎక్కిపోయే పొడవాటి రేకుల షెడ్లు కనిపిస్తాయి. బయటి నుంచి చూస్తే లోపల ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. లోపల మాత్రం రబ్బరు బెల్టు మీద గంటకు వందల టన్నుల బొగ్గు పైకి ఎక్కుతూ ఉంటుంది. పక్కన మనిషి నడవడానికి ఇరుకైన దారి, కాళ్లకింద బొగ్గుపొడి, చెవుల నిండా రోలర్ల మోత. అక్కడ పనిచేసేవాళ్లు ఈ విభాగం మొత్తాన్నీ సీహెచ్‌పీ అంటారు.

అలాంటి బెల్టు ఒకటి రాత్రి షిఫ్టులో నిండు బొగ్గుతో ఉండగా ఆగిపోయిందనుకుందాం. మోటారుకూ బెల్టుకూ నడుమ ఉండే గేర్‌బాక్సులో ఒక బేరింగు పట్టేసింది. గేర్‌బాక్సు విప్పి కొత్తది పెట్టాలి. మామూలుగా అయితే మరమ్మతుకు ముందు బెల్టును కాసేపు తిప్పి ఖాళీ చేస్తారు. ఇక్కడ తిప్పాల్సిన గేర్‌బాక్సే పోయింది కాబట్టి ఆ అవకాశం లేదు. మోత ఆగింది, బెల్టు కదలడం లేదు, కరెంటు తీసేశారు. ఇక పానాలు పట్టుకుని విప్పడమే తరువాయి అనిపిస్తుంది. అనుభవమున్న ఫిట్టరు సరిగ్గా అక్కడే ఆగుతాడు.

ఎందుకు ఆగుతాడో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఏటవాలు భాగం పొడవు 100 మీటర్లు, వాలు 14 డిగ్రీలు అనుకుందాం. అంటే కింది చివరకీ పై చివరకీ ఎత్తులో తేడా 24 మీటర్ల పైమాటే. ఒక్కో మీటరు బెల్టు మీద 150 కిలోల బొగ్గు ఉంటే మొత్తం 15 టన్నులు. అందులో వాలు వెంట కిందికి లాగే భాగం దాదాపు మూడున్నర టన్నులు. రోలర్ల రాపిడి కొంత ఆపినా, సుమారు 3 టన్నుల బలం బెల్టును వెనక్కి లాగుతూనే ఉంటుంది. నిండిన చేదను గిలక మీద సగం దాకా తోడి తాడు పట్టుకుని నిలబడ్డట్టే ఇది. చేద కదలడం లేదంటే ఎవరో తాడు పట్టుకున్నారని అర్థం. బెల్టు విషయంలో ఆ పట్టుకున్నదేమిటో తెలుసుకోకుండా ఒక్క బోల్టు కూడా వదులు చేయకూడదు.

మరమ్మతుకు ముందు యంత్రానికి శక్తి అందే దారులన్నీ మూసి, మూసినచోట తాళం వేసి, ఎవరు ఎందుకు వేశారో చీటీ కట్టే పద్ధతిని లాకౌట్, ట్యాగౌట్ అంటారు. ప్లాంట్లలో పొట్టిగా లోటో. అమెరికాలో కార్మిక భద్రత చూసే ఓషా సంస్థ దీనికి 1989లో ప్రత్యేక నిబంధన తెచ్చింది. దాన్ని సరిగా పాటిస్తే ఏడాదికి సుమారు 120 మరణాలు, 50 వేల గాయాలు తప్పుతాయని ఆ సంస్థ అంచనా. మన దగ్గర కూడా ఈ ఆలోచన పాతదే. కరెంటు ఆపే సాధనం పొరపాటున మళ్లీ ఆన్ అయ్యే వీలుంటే దాన్ని తాళంతో కట్టడి చేసే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్ చెప్పింది. అమెరికా గనుల నిబంధనలో మరో ముక్క ఉంది. కరెంటు ఆపాలి, దాంతోపాటు యంత్రం కదలకుండా అడ్డుకట్ట కూడా వేయాలి అని. ఈ రెండో ముక్కే మన బెల్టు దగ్గర అసలు పని.

మొదటి ముక్క తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు. ఎల్‌సీలో ఉండగానే ఎవరో సరఫరా ఇచ్చేశారన్న వార్తలు పేపర్లలో వస్తూనే ఉంటాయి. ఫోనులో మాట మీద, రిజిస్టరులో రాత మీద నడిచే చోట పైనున్న మనిషి ప్రాణం కింద స్విచ్ దగ్గరున్న మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడుతుంది. తాళం ఆ ఆధారాన్ని మార్చేస్తుంది. పని చేసేవాడి తాళం, దానికి ఒకే చెవి, ఆ చెవి వాడి జేబులో. అవతలివాడు మరిచిపోయినా స్విచ్ కదలదు.

బెల్టు పక్కన పొడవునా ఒక తాడు వేలాడుతుంటుంది. ఎక్కడ లాగినా బెల్టు ఆగుతుంది. దాన్ని పుల్‌కార్డ్ అంటారు. "తాడు లాగి పెట్టినం కదన్నా, ఇంక తాళం దేనికి?" అని హెల్పర్లు అడగడం మామూలే. సందేహం సబబైనదే, జవాబు మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ తాడు మోటారుకు వెళ్లే కరెంటును తెంచదు, నడిపించమని చెప్పే చిన్న కంట్రోల్ సర్క్యూట్‌ను మాత్రమే తెంచుతుంది. దారిన పోయేవాడెవడైనా దాన్ని తిరిగి మామూలు స్థితిలో పెట్టేయగలడు. పక్కనుండే ఎర్ర స్టాప్ బటనుదీ అదే సంగతి. ప్రమాదం కనపడినప్పుడు ఆపడానికి అవి ఉన్నాయి, వాటి భరోసాతో చేయి లోపల పెట్టడానికి కాదు.

అసలు తాళం పడాల్సింది స్విచ్‌గేర్ గదిలో. కంట్రోల్ రూముకు చెప్పి, పర్మిట్ రాయించుకుని, బాధ్యత ఉన్న ఎలక్ట్రీషియన్ ఆ బెల్టు మోటారు ఫీడర్‌ను ఆఫ్ చేస్తాడు. బ్రేకరైతే దాన్ని బయటికి లాగి విడదీస్తాడు. ఆ స్థితిలో తాళం పడుతుంది. నలుగురైదుగురు కలిసి చేసే పనైతే ఒక్కో తాళానికి ఒక్కో రంధ్రం ఉన్న ఇనుప కొక్కెం తగిలిస్తారు. మనుషులు ఇంకా ఎక్కువుంటే ఫీడర్‌కు వేసిన తాళం చెవిని ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకు అందరూ తలా ఒక తాళం వేస్తారు. చివరి మనిషి తన తాళం తీస్తే తప్ప ఆ చెవి బయటికి రాదు. కాంట్రాక్టు కూలీ అయినా సరే, బెల్టు మీద చేయి వేసే ప్రతి మనిషికీ సొంత తాళం ఉండాలి. సూపర్‌వైజరు తాళం అందరి తరఫునా పనికొస్తుందనుకోవడం చాలాచోట్ల కనిపించే తప్పు.

ట్యాగు మీద పేరు, విభాగం, తేదీ, సమయం, చేస్తున్న పని రాస్తారు. ట్యాగు చెప్పగలదు గానీ ఆపలేదు. అయినా అది ఊడి పడకూడదు కాబట్టి, కట్టే బద్దీ కనీసం 50 పౌండ్ల లాగుడుకు, అంటే 22 కిలోలకు పైగా తట్టుకోవాలని ఓషా నిబంధన లెక్కకట్టి మరీ చెప్పింది. బొగ్గుపొడి, నీటి జల్లు, ఎండ పడే చోట అట్టముక్క మీద పెన్నుతో రాసిన చీటీ రెండు రోజుల్లో తెల్లకాగితం అవుతుందని వేరే చెప్పనక్కర్లేదు.

మోటారు ఒక్కదాన్నే చూసి సరిపెట్టుకోకూడదు. ఈ బెల్టు మీదికి బొగ్గు పోసే వెనుక బెల్టు గానీ ఫీడరు గానీ నడిస్తే 15 టన్నులు 16 అవుతాయి. కాబట్టి దానికీ తాళం పడాలి. బొగ్గు దారి మళ్లించే గేటు గాలి ఒత్తిడితో పనిచేసేదైతే, గాలి వాల్వు మూసి, సిలిండరులో మిగిలిన గాలిని బయటికి వదలాలి. మోటారు వేగం మార్చే డ్రైవ్ ఉంటే, కరెంటు తీశాక కూడా దాని లోపలి కెపాసిటర్లలో చార్జి కొన్ని నిమిషాలు నిలుస్తుంది. ఎంతసేపు ఆగాలో డ్రైవ్ మీదే రాసి ఉంటుంది.

తర్వాత పరీక్ష. అందరినీ దూరంగా నిలబెట్టి, బెల్టు పక్కనున్న స్టార్ట్ బటన్ నొక్కి చూస్తారు. బెల్టు కదలకపోతే కరెంటు లేనట్టే అనుకుంటారు. ఇక్కడొక మాయ ఉంది. బొగ్గు బెల్టులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ముందు బెల్టు నడవకపోతే వెనుకది మొదలవదు. పుల్‌కార్డ్ లాగి ఉన్నా మొదలవదు, సెలెక్టర్ స్విచ్ కంట్రోల్ రూము వైపు తిప్పి ఉన్నా మొదలవదు. తాళం పొరపాటున పక్క బెల్టు ఫీడర్‌కు పడినా సరే, ఈ కారణాల్లో ఏదో ఒకటి బటన్‌ను చచ్చుబడేలా చేసి అంతా బాగుందని నమ్మిస్తుంది. అందుకే బటన్ పరీక్షతో ఆగకుండా మోటారు టెర్మినళ్ల దగ్గర ఎలక్ట్రీషియన్ టెస్టరుతో చూడాలి. ముందు కరెంటున్నదని తెలిసిన చోట పెట్టి టెస్టరు పనిచేస్తోందో లేదో చూస్తాడు, తర్వాత మోటారు దగ్గర చూస్తాడు, మళ్లీ వెనక్కి వెళ్లి కరెంటున్న చోట పెట్టి చూస్తాడు. మధ్యలో టెస్టరే చెడిపోలేదని తేల్చేది ఆ మూడో చూపు.

ఇప్పటికి కరెంటు సంగతి ముగిసింది. 3 టన్నుల లాగుడు ఎక్కడికీ పోలేదు.

దాన్ని పట్టుకున్నవి రెండు. ఒకటి హోల్డ్‌బ్యాక్. ఇరుసును ముందుకు తిరగనిచ్చి వెనక్కి తిరగనివ్వని యంత్రభాగమిది. రెండోది బ్రేకు. కరెంటు ఉన్నంతసేపు ఇది తెరుచుకుని ఉంటుంది, కరెంటు పోగానే స్ప్రింగు బలంతో పట్టేస్తుంది. రెండూ మంచి సాధనాలే. చిక్కేమిటంటే, చాలా బెల్టులకు హోల్డ్‌బ్యాక్ గేర్‌బాక్సు ఇరుసు మీదే ఉంటుంది. బ్రేకు మోటారుకూ గేర్‌బాక్సుకూ మధ్య కప్లింగు దగ్గర ఉంటుంది. మన పని ఆ గేర్‌బాక్సును విప్పడమే. గేర్‌బాక్సుకూ పై చివరి పుల్లీకీ నడుమ కప్లింగు బోల్టు ఆఖరిది ఊడిన క్షణాన ఆ రెండు పట్టులూ ఒక్కసారే పోతాయి. పుల్లీ వెనక్కి గిర్రున తిరుగుతుంది, 15 టన్నుల బొగ్గు కింది చివర గుట్టగా పడుతుంది. పుల్లీ దగ్గరున్న చేతులు, కింది చివర బొగ్గు ఊడుస్తున్న మనుషులు అప్పుడు ఎక్కడుంటే అక్కడే చిక్కుకుపోతారు. ఫీడర్‌కు వేసిన తాళం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

కాబట్టి పుల్లీని నమ్ముకోకుండా బెల్టునే నేరుగా పట్టుకోవాలి. దీనికి బెల్టు క్లాంపులు వాడతారు. బెల్టు వెడల్పు కంటే కాస్త పొడవైన రెండు ఇనుప దూలాలు, ఒకటి బెల్టు పైన, ఒకటి కింద. రెంటినీ రెండు వైపులా బోల్టులతో బిగిస్తే బెల్టు నడుమ నొక్కుకుంటుంది. బెల్టు అంచులకు అవతల ఉన్న చెవుల నుంచి గొలుసులు వాలు పైవైపుకు కట్టడపు ప్రధాన ఇనుప స్తంభాలకు వెళ్తాయి. లాగుడు అన్నిటికంటే ఎక్కువుండేది పై చివర దగ్గర కాబట్టి బొగ్గున్న పై వరుస బెల్టుకు అక్కడే క్లాంపు పడాలి. బొగ్గు ఉన్నచోట ముందుగా ఒక అడుగు మేర ఊడ్చి, తడి పొడి తుడవకపోతే ఇనుము రబ్బరు మీద జారుతుంది. క్లాంపు ఎంత బరువు ఆపగలదో దాని మీద రాసి ఉండాలి. వర్క్‌షాపులో అప్పటికప్పుడు మిగిలిన యాంగిల్ ముక్కలతో వెల్డింగ్ చేసిన క్లాంపులు, నడకదారి రెయిలింగుకు కట్టిన గొలుసులు ఇలాంటి చోట కనిపిస్తూనే ఉంటాయి. రెయిలింగు మనిషి ఒరిగితే ఆపడానికి పెట్టింది, 3 టన్నులకు కాదు.

గొలుసులు బిగించాక బొగ్గును పారలతో తోడేయాలి. 15 టన్నులు తోడటం సరదా పని కాదు, గంటలు పడుతుంది. కింద బాయిలర్ బంకర్లో బొగ్గు తగ్గుతోందని ఫోన్లు మోగుతుంటాయి. ఈ పనిని దాటేయాలనే ఒత్తిడి అప్పుడే మొదలవుతుంది. కానీ తోడేకొద్దీ లాగుడు తగ్గుతుంది. పూర్తిగా ఖాళీ అయ్యాక పై వరుస బెల్టు బరువును కింది వరుస బెల్టు బరువు దాదాపు సరితూస్తుంది. అప్పుడు క్లాంపు మీద పడే భారం చాలా తక్కువ. అందుకే బొగ్గు ఉండగానే క్లాంపు మీద నమ్మకంతో కప్లింగు విప్పడం కంటే, క్లాంపు వేసి, బొగ్గు తోడి, ఆ తర్వాత విప్పడం మేలు.

ఇంకొకటి మిగిలింది. బెల్టు వదులు కాకుండా ఎప్పుడూ సాగదీసి ఉంచడానికి కింది వరుసలో ఒక పుల్లీకి పెద్ద బరువు వేలాడదీస్తారు. అదే కౌంటర్ వెయిట్. అది 5 టన్నులనుకుంటే బెల్టులో దాని రెండు వైపులా రెండున్నర టన్నుల చొప్పున బిగువు ఎల్లప్పుడూ ఉంటుంది. బెల్టు ఖాళీగా ఉన్నా, నెల రోజులుగా ఆగి ఉన్నా ఉంటుంది. గేర్‌బాక్సు మార్పుకు బెల్టును కోయరు కాబట్టి దాన్ని ఎత్తకపోయినా పని జరుగుతుంది. అయితే దాని కింద ఎవరూ తిరగకుండా కంచె వేసి గేటుకు తాళం పెట్టాలి. బెల్టు జాయింటు విప్పే పనైతే కథ వేరు. బరువును చెయిన్ బ్లాకులతో ఎత్తి, కట్టడానికి పిన్నులతో గానీ తగిన ఇనుప తాళ్లతో గానీ నిలబెట్టాలి. చెయిన్ బ్లాకు ఎత్తడానికి, రోజంతా ఆపడానికి మాత్రం ఆ పిన్నులు. బరువు నిజంగా ఎత్తినట్టయితే బెల్టు రోలర్ల మధ్య జారి వేలాడుతుంది. ఇంకా బిగువుగానే ఉంటే ఎక్కడో ఇరుక్కుందన్నమాట.

కరెంటుకు టెస్టరు ఉన్నట్టు ఈ లాగుడుకు మీటరు లేదు. దాని పని సుద్దముక్క చేస్తుంది. క్లాంపు దగ్గర బెల్టు మీద నుంచి పక్క ఇనుప చట్రం మీదికి ఒకే అడ్డగీత గీస్తారు. కప్లింగు బోల్టులను ఒక్కసారిగా తీయకుండా కొద్దికొద్దిగా వదులు చేస్తుంటే ఒక మనిషి ఆ గీతనే చూస్తూ నిలబడతాడు. గొలుసులు బిగిసేదాకా గీత కాస్త జరగడం సహజం. జరిగి ఆగాలి. ఆగకుండా పాకుతుంటే క్లాంపు జారుతోందని అర్థం, బోల్టులు వెంటనే మళ్లీ బిగించాలి. మరో గుర్తు బోల్టులే ఇస్తాయి. భారం లేని కప్లింగు బోల్టు నట్టు తీశాక సుత్తితో తడితే వచ్చేస్తుంది. ఎంత కొట్టినా రాకుండా బిగదీసుకుంటే ఇరుసులో ఇంకా మెలిక ఉన్నట్టు. గ్రైండరుతో కోసేద్దామనే ఆలోచన వచ్చేది అప్పుడే, అసలు మానుకోవాల్సింది కూడా అప్పుడే.

ఇదే లాగుడు కింది చివర వేరే రూపంలో మనుషుల్ని పట్టుకుంటుంది. పెద్ద రాయో, ఇనుప ముక్కో కింది పుల్లీకీ బెల్టుకూ మధ్య ఇరుక్కుంటుంది. మోటారు లాగి లాగి ఆగిపోతుంది. రాయి దగ్గర నుంచి పై పుల్లీ దాకా బెల్టు ఆ లాగుడుకు సాగి, హోల్డ్‌బ్యాక్ వెనక్కి వదలనందున అలాగే నిలిచిపోతుంది. స్విచ్ ఆఫ్ చేసి, తాళం వేసి, గడ్డపలుగుతో రాయిని కదిపితే సాగిన బెల్టు ఒక్క ఉదుటున కదులుతుంది. కదలిక చిన్నదే కావచ్చు, పలుగు పట్టిన చేయిని పుల్లీలోకి లాక్కోవడానికి అది చాలు. ఇక్కడ కూడా ముందు క్లాంపు, తర్వాతే పలుగు.

పని ఒక షిఫ్టులో ముగియకపోతే తాళాల మార్పిడి వస్తుంది. కొత్తగా వచ్చినవాడు తన తాళం వేశాకే వెళ్లిపోయేవాడు తీయాలి, మధ్యలో ఒక్క క్షణం కూడా ఖాళీ ఉండకూడదు. క్లాంపు ఎక్కడుంది, ఏ బోల్టు వదులుగా ఉంది అన్నది బెల్టు దగ్గర నిలబడి చూపించి చెప్పాలి. 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద జరిగింది ఇలాంటి అప్పగింతలో లోపమే. మరమ్మతు కోసం ఒక పంపు భద్రతా వాల్వు తీసి ఉన్న సంగతి రాత్రి షిఫ్టుకు తెలియలేదు. రెండో పంపు ఆగిపోవడంతో మొదటిదాన్ని నడిపే ప్రయత్నం చేశారు. గ్యాస్ బయటికి తన్ని పేలింది, 167 మంది చనిపోయారు. పర్మిట్లు అక్కడ కూడా ఉన్నాయి.

కొత్త గేర్‌బాక్సు కూర్చున్నాక వెనక్కి వచ్చే క్రమం కూడా అంతే ముఖ్యం. పనిముట్లు లెక్క చూసి, కప్లింగు మీద గార్డు బిగించి, హోల్డ్‌బ్యాక్ సరైన దిక్కుకు పట్టేలా ఉందో లేదో చూశాకే క్లాంపులు తీస్తారు. మోటారు తిరిగే దిక్కును కప్లింగు కలపకముందే సరిచూడాలి. రెండు కేబుళ్లు తారుమారైతే మోటారు వెనక్కి తిరిగి కొత్త హోల్డ్‌బ్యాక్‌ను మొదటి నిమిషంలోనే విరగ్గొడుతుంది. ఈ చిన్న పరీక్ష కోసం తాళాలు తీసి కరెంటు ఇస్తే, పరీక్ష అయ్యాక మొదటి నుంచీ అన్నీ మళ్లీ వేయాలి. "రెండు నిమిషాలే కదా" అనేది ఇక్కడ కూడా వినిపిస్తుంది.

చివర్లో ఒక తాళం మిగిలిపోయి, దాని మనిషి ఇంటికి వెళ్లిపోయాడనుకోండి. బోల్టు కట్టరుతో కోసేయడం తేలిక. ఓషా నిబంధన దానికీ దారి చెప్పింది. ఆ మనిషి ప్లాంటులో లేడని ముందు తేల్చుకోవాలి, అతనికి కబురు అందించడానికి వీలైనంత ప్రయత్నం చేయాలి, తాళం తీసేసిన సంగతి అతను తిరిగి పనిలోకి దిగక ముందే తెలిసేలా చేయాలి. బెల్టు సొరంగంలో ఎక్కడో మూల రోలరు మారుస్తూ ఉండిపోయినవాడు కూడా కంట్రోల్ రూము కంటికి ఇంటికి వెళ్లినవాడిలాగే కనపడతాడు.

ఇంత చేసినా తాళానికి అందని పనులు కొన్ని ఉంటాయి. బెల్టు ఒక పక్కకు జరిగిపోతుంటే దాన్ని సరిచేయడం బెల్టు నడుస్తుండగానే తప్ప కుదరదు. బేరింగులకు గ్రీజు కూడా చాలాచోట్ల నడుస్తుండగానే పెడతారు. వీటికి పరిష్కారం తాళాల్లో దొరకదు, కట్టడంలో దొరుకుతుంది. సర్దుబాటు బోల్టులను గార్డు బయటికి అందేలా పెట్టడం, గ్రీజు గొట్టాలను కంచె ఇవతలికి లాగడం వంటివన్నమాట. కొత్త బెల్టు కట్టేటప్పుడు ఇవి తక్కువ ఖర్చుతో అయిపోతాయి. కట్టేశాక చేయాలంటే ఆ బెల్టును మళ్లీ ఆపి, తాళం వేసి, క్లాంపు బిగించి మొదలుపెట్టాలి.